సెలవు వెనుకకు తీసికొనుట నోటిమాటతో తీరునది కాదు



సెలవు దొరకలేదను ఫిర్యాదు మన బ్రాంచి సమావేశములలో ప్రతి నెలయు వినవచ్చుచున్నది. దొరికిన సెలవు అక్కరలేకపోయినప్పుడు దానినెట్లు తిరిగి ఈయవలెనను ప్రశ్నను మాత్రము ఎవ్వరును లేవనెత్తుట లేదు. అది ప్రశ్నయే కాదని పలువురి అభిప్రాయము. "సెలవు అడిగేటప్పుడు కదండీ తిప్పలు. వదులుకోవడానికి కూడా ఒకరి అనుమతి కావాలా? నా సెలవు, నా ఇష్టం" అని ఇరువది ఏండ్ల సర్వీసు గల తపాలా సోదరుడొకరు నిండు సభలో మాతో వాదించినారు. ఆ వాదము తప్పనియు, దానివలన నష్టపోవుచున్నవారు అధికారులు కారనియు, మన ప్రక్క కుర్చీలో కూర్చున్నవారేననియు మేము చెప్పదలచినాము. ఆ సోదరుని విషయమునే ముందుగా తీసికొందుము. ఆయన పేరుగాని, డివిజను పేరుగాని ఇచట అక్కరలేదు. ఆయన అనుమతి పొందియే వ్రాయుచున్నాము.

ఆయన ఏకోద్యోగి సబ్ పోస్టాఫీసులో సబ్ పోస్టుమాస్టరు. అనగా కౌంటరు, నగదు, స్టాంపులు, సంచులు, తాళపుచెవులు అన్నియు ఒక్కని మీదనే. అట్టి ఆఫీసు నుండి ఒకడు సెలవుపై పోవలెనన్నచో మరియొకడు వచ్చి ఛార్జి తీసికొననిదే కదలుటకు వీలులేదు. కుమార్తె వివాహమునకై ఆయన 12వ తేది సోమవారము మొదలు 24వ తేది శనివారము వరకు 13 దినముల ఆర్జిత సెలవు కోరినారు. ముందు వచ్చు 11వ తేది ఆదివారమును కలుపుకొనుటకు అనుమతి అడిగినారు. సెలవు మంజూరయినది. హెడ్ పోస్టాఫీసులోని లీవు రిజర్వు అసిస్టెంటును రిలీవరుగా డిప్యూట్ చేయుచు వేరొక మెమో వెలువడినది. 10వ తేది సాయంత్రము ఇరువురును నగదు, స్టాంపులు లెక్క చూచుకొని ఛార్జి రిపోర్టు మీద సంతకములు చేసినారు. ఇంతవరకు అంతయు సక్రమమే.

14వ తేది ఉదయము వరుని తాతగారు కాలము చేసినట్లు కబురు వచ్చినది. 16వ తేది నాటి ముహూర్తము ఆగిపోయినది. మైల దినములు గడచి, మరల ముహూర్తము కుదురునప్పటికి రెండు నెలలు పట్టునని పెద్దలు తేల్చినారు. అప్పుడు కావలసిన సెలవును ఇప్పుడు ఇంటి అరుగు మీద కూర్చుండి ఖర్చు చేయుటకు ఏ తండ్రికి మనసొప్పును? మిగిలిన దినములను కాపాడుకొనవలెనను ఆయన తలంపులో దోషమేమియు లేదు. దోషము ఆ తరువాత జరిగిన పనిలో ఉన్నది.

ఆయన డివిజనల్ ఆఫీసులో తనకు తెలిసిన గుమాస్తా ఒకరికి ఫోను చేసినారు. "పెళ్ళి ఆగిపోయింది, ఎల్లుండి వచ్చి జాయినవుతాను, కొంచెం చూడండి" అన్నారు. ఆ గుమాస్తా సానుభూతితో "అలాగే మాస్టారూ" అన్నాడు. ఆ సెక్షను అతనిది కాదు. అతడు ఎవరికిని చెప్పలేదు, చెప్పవలెనని అతనికి తోచలేదు. రెండు దినములు గడచినవి. 16వ తేది శుక్రవారము ఉదయము మన సోదరుడు ఆఫీసుకు వచ్చి నిలిచినాడు. రిలీవరు కౌంటరులో ఉన్నాడు. చిన్నవాడు, నాలుగేండ్ల సర్వీసు వాడు. "మాస్టారూ, మీరు ఛార్జి ఇమ్మంటే ఇచ్చెయ్యడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ ఆర్డరేదీ? రేపు నగదులో పది రూపాయలు తేడా వస్తే ఎవరిమీద రాస్తారు?" అని అడిగినాడు. మా దృష్టిలో ఆ బాలుడు అన్నమాట నూటికి నూరుపాళ్ళు సబబైనది. పెద్దాయనకు మాత్రము కోపము వచ్చినది. తన కుర్చీ ప్రక్కన బల్ల మీద శుక్ర, శనివారములు రెండును కూర్చుండినాడు. హాజరు పుస్తకములో సంతకము పెట్టుటకు రిలీవరు ఒప్పుకొనలేదు. ఇన్‌స్పెక్టరుకు ఫోనుమీద ఫోను పోయినది. సోమవారమునకు గాని ఉత్తర్వు రాలేదు. 19వ తేది ఉదయము ఛార్జి చేతులు మారినది.

లెక్క తేల్చునప్పుడు తగవు మొదలైనది. 12 నుండి 15 వరకు నాలుగు దినములే సెలవని ఆయన వాదన. ఛార్జి తీసికొనిన 19వ తేదికి ముందు దినము వరకు ఏడు దినములును సెలవేనని ఆఫీసు వాదన. 18వ తేది ఆదివారమును చివర కలుపుకొనుటకు ఎవ్వరును అనుమతి కోరలేదు గనుక దానిని గూడ సెలవులోనే వేసినారు. ఈ మూడు దినముల తగవుపై ఆరు నెలలు ఉత్తరములు నడచినవి. చివరకు ఏడు దినములు ఖర్చు వ్రాసినారు. మేమాయన పక్షమున ఎంత వాదించినను, ఆయన 14వ తేదినాడు కోరినట్లు చూపుటకు మా చేతిలో ఒక్క కాగితము లేకపోయెను.

ఇది ఆయనకు కలిగిన నష్టము. సభలో ఆయనను నిలవేసినది ఇది కాదు.

అదే డివిజనులో మరియొక సబ్ పోస్టాఫీసు సోదరి 19 నుండి 24 వరకు ఆరు దినముల సెలవు కోరియుండినది. ఆమె తల్లికి 20వ తేదినాడు కంటి శుక్లము ఆపరేషను. ఇంటిలో వేరొక మనిషి లేదు. "రిలీవరు లేడు" అను కారణముతో 9వ తేదినాడే ఆమె సెలవు నిరాకరింపబడినది. లేడనుమాట ఆనాటికి నిజము. ఉన్న ఒక్క రిలీవరు మన సోదరుని ఆఫీసుకు 24 వరకు కట్టుబడి ఉండెను. 14వ తేదినాడు సూపరింటెండెంటు బల్ల మీదికి రెండు పంక్తుల ఉత్తరము చేరియున్నచో ఆ రిలీవరు 19వ తేది ఉదయము నేరుగా ఆమె ఆఫీసుకు పోగలిగెడివాడు. ఉత్తరము చేరలేదు. 19వ తేదినాడు ఛార్జి అప్పగించిన రిలీవరు ఏ ఉత్తర్వును లేక హెడ్ పోస్టాఫీసుకు మరలి, మరుసటి దినమున ఒక కౌంటరులో కూర్చుండినాడు. ఆమె తల్లి ఆపరేషను వాయిదా పడినది. ఆ సోదరి సభలో లేచి ఒక్కమాట అడిగినది: "మీరు వద్దనుకున్న రోజులు ఎక్కడికి పోయాయండీ, మాస్టారూ?" ఆయన సమాధానము చెప్పలేకపోయినాడు. చెప్పవలసినవారము మేమును గనుక మేమును తలవంచుకొంటిమి. ఆయన 14వ తేది సాయంత్రము మా బ్రాంచి కార్యదర్శికిని ఫోను చేసియుండినాడు. కార్యదర్శియు "అలాగే చూద్దాం" అనియే ఊరకుండినాడు.

ఇక నియమమేమి చెప్పుచున్నదో చూతము. తపాలా ఉద్యోగులకు వర్తించునవి 1972 నాటి కేంద్ర సివిలు సర్వీసుల సెలవు నియమములు. వాటిలో 24వ నియమము మొదటి వాక్యమే స్పష్టముగా ఉన్నది. సెలవులో ఉన్న ఉద్యోగి, ఆ సెలవు మంజూరు చేసిన అధికారి అనుమతి లేనిదే, గడువు తీరకముందు డ్యూటీకి తిరిగి రారాదు. "నా సెలవు, నా ఇష్టం" అను వాదము ఇచటనే పడిపోవుచున్నది. ఇది మనలను వేధించుటకు పుట్టిన నియమమని కొందరు సోదరులు తలంచుచున్నారు. అట్లు కాదు. మన స్థానములో వేరొకరు ఉత్తర్వుపై కూర్చుండియున్నారు. ఆయన ఉద్యోగము, ఆయన ప్రయాణభత్యము, ఆయన చేతిలోని నగదు బాధ్యత ఆ ఉత్తర్వు మీద నిలిచియున్నవి. మనము తిరిగి వచ్చుట యనగా ఆయనను కదలించుట. ఆయనను కదలించు అధికారము మనకు లేదు. అది మంజూరు చేసినవారికే కలదు.

కావున సెలవు ఏ దశలో ఉన్నదో దానిని బట్టి మన పని మారును. దరఖాస్తు ఇచ్చినారు, ఇంకను మంజూరు కాలేదు. అప్పుడు "ఫలాని తేది నాటి నా దరఖాస్తును వెనుకకు తీసికొనుచున్నాను" అని వ్రాసిన చాలును. ఎవరి అనుమతియు అక్కరలేదు. మంజూరయినది గాని మొదలు కాలేదు. అప్పుడు వెనుకకు తీసికొనుటకు దరఖాస్తు మిగిలియుండదు. అది మెమోగా మారిపోయినది. ఆ మెమోను రద్దు చేయుమని కోరవలెను. రిలీవరును పంపిన మెమో వేరుగా ఉన్నచో దాని నెంబరును గూడ వ్రాసి, దానిని గూడ రద్దు చేయుమని కోరవలెను. ఈ రెండవ మెమో సంగతి మరచుట వలననే, సెలవు రద్దయిన ఉద్యోగి ఒక ప్రక్క, సంచితో దిగిన రిలీవరు ఒక ప్రక్క, ఇద్దరును సోమవారము ఉదయము తలుపు వద్ద కలిసికొనుట జరుగుచున్నది. మూడవ దశ, సెలవు మొదలై నడచుచున్నది. ఇది కుదింపు. అనుమతి ముందు, రాక తరువాత. మన సోదరుడు తప్పినది ఇచటనే.

క్యాజువల్ లీవు ఈ నియమములలోనిది కాదు, దానికి ఇంత తతంగము లేదు. పై అధికారికి వేళకు తెలిపి, పుస్తకములో దిద్దించుకొన్నచో చాలును. వైద్య కారణము మీది సెలవు మరియొక జాతిది. వ్యక్తిగత కార్యక్రమము మారినదని దానిని కుదించుకొన వీలులేదు. ఆరోగ్యము చక్కబడినట్లు ఫిట్ సర్టిఫికెటు తెచ్చినవాడే డ్యూటీలోనికి వచ్చును.

మన సోదరుడు 14వ తేదినాడు ఎట్లు వ్రాసియుండవలసినదో మేము తరువాత ఆయనతోనే కూర్చుండి వ్రాయించినాము. దానిని ఇచట ముద్రించుచున్నాము.

"అయ్యా, ఫలాని నెంబరు, తేది గల తమ మెమో ద్వారా 12 నుండి 24 వరకు నాకు 13 దినముల ఆర్జిత సెలవు మంజూరు చేసియున్నారు. కుటుంబములో వివాహము వాయిదా పడినందున 17వ తేదికి తరువాతి సెలవు నాకు అక్కరలేదు. నా సెలవును 12 నుండి 17 వరకు 6 దినములకు కుదించి, 18వ తేది ఆదివారమును చివర కలుపుకొనుటకు అనుమతించి, 19వ తేది సోమవారము ఉదయము ఛార్జి తీసికొనుటకు ఉత్తర్వు ఇప్పింప ప్రార్థన. ఫలాని మెమో ద్వారా వచ్చిన రిలీవరు 19వ తేది నుండి ఖాళీ అగును. మిగిలిన 7 దినములను నా సెలవు ఖాతాకు తిరిగి జమ చేయ ప్రార్థన. ఉత్తర్వు అందు వరకు నేను సెలవులోనే ఉందును. నకలు: హెడ్ పోస్టుమాస్టరుకు, రిలీవరుకు."

ఈ ఉత్తరములో చిన్నమాటలని తోచునవి కొన్ని ఉన్నవి. ఒక్కొక్కదానికి కారణమున్నది. ఆయన 16వ తేదినే రావలెనని తొందరపడినాడు. 14వ తేదినాడు వ్రాసి 16వ తేదికి ఉత్తర్వు రావలెనన్నచో మధ్య ఒక్క దినమే ఉన్నది. సోమవారమును కోరియున్నచో ఆఫీసుకు మూడు పని దినములు దొరికెడివి. శుక్ర, శనివారములు రెండును తన సెలవులో పోయినను, తగవు లేని ఆరు దినములు తగవు గల ఏడు దినములకంటె మేలు గదా! ఆదివారమును గూర్చిన మాట లేనిచో గుమాస్తా దానిని సెలవులో వేయును. వేసినాడు గూడ. "ఉత్తర్వు అందు వరకు సెలవులోనే ఉందును" అను వాక్యము మన స్థితిని స్పష్టపరచును. అది లేనిచో, ఉత్తరము పంపినంతనే 19వ తేది నుండి మనము డ్యూటీలో ఉన్నట్లు ఒకరు, లేనట్లు ఒకరు తలంతురు. "రిలీవరు 19 నుండి ఖాళీ అగును" అను వాక్యమైతే ఆ సోదరికొరకే వ్రాయించినాము. డివిజనల్ ఆఫీసులో నిరాకరించిన దరఖాస్తుల కట్టను మరల తెరిపించునది ఆ ఒక్క వాక్యమే.

పూర్వము ఇట్టి సందర్భములో మనవారు తంతి పంపెడివారు. రసీదు చేతిలో ఉండెడిది, తేదియు గంటయు దానిమీద పడియుండెడివి. ఒకప్పుడు మన శాఖయే నడపిన ఆ సేవ 2013 జూలైలో మూతపడినది. ఇప్పుడు చేతిఫోనులో సందేశము పంపుచున్నారు. పంపుడు, తప్పులేదు. వేళకు తెలియజేయుటకు అది మంచిదే. అయినను ఆ సందేశమునే దరఖాస్తుగా భావింపకుడు. అధికారి బదిలీ అయినప్పుడు ఆయన ఫోను ఆయనతోనే పోవును. ఫైలు మాత్రము ఆఫీసులో ఉండును. సంతకము గల ఉత్తరమును అదే దినమున ఈ-మెయిలునందో, మనిషి చేతనో పంపి, చేరినట్లు గుర్తు తీసికొనుడు. సెలవు కంప్యూటరులో పెట్టినచోట కంప్యూటరులోనే వెనుకకు తీసికొనవలెను గాని, ఆ మీట నొక్కినంత మాత్రమున పొరుగూరిలో సంచి సర్దుకొనుచున్న రిలీవరుకు కబురు చేరినదని నమ్మరాదు. ఆయనకు మనమే చెప్పవలెను.

ఇంతవరకు మనవారి పొరపాటును చెప్పినాము. ఇక రెండవ ప్రక్కకు వత్తము. దీనిపై మా ఆగ్రహము ఇంకను ఎక్కువ.

కొన్ని ఆఫీసులలో ఒక అలవాటు పెరుగుచున్నది. సెలవు మంజూరు చేసిన తరువాత మనుష్యులు చాలరని తెలియును. రద్దు చేసినచో రద్దు చేసినట్లు పై ఆఫీసుకు లెక్క చెప్పవలెను. కావున ఉద్యోగికి ఫోను వచ్చును: "మీరే వెనక్కి తీసుకున్నట్టు ఒక ముక్క రాసి ఇచ్చెయ్యండి. మీకూ మంచిది, నాకూ మంచిది. వచ్చే నెల చూద్దాం." మన సోదరుడు మొగమాటపడి వ్రాసి ఇచ్చును. ఆ కాగితము మీద ఆయన వ్యక్తిగత కారణములచేత సెలవు మానుకొన్నట్లు ఉండును. ఆయన తమ్ముని గృహప్రవేశము మాత్రము ఆయన లేకయే జరిగిపోవును.

నియమములు ఈ విషయములో కలమును ఎవరి చేతికీయవలెనో స్పష్టముగా చెప్పినవి. సెలవును హక్కుగా కోరరాదని 7వ నియమము చెప్పుచున్నది, నిజమే. ప్రజాసేవావసరములను బట్టి నిరాకరించుటకు గాని, రద్దు చేయుటకు గాని మంజూరు చేయు అధికారికి అధికారము కలదని గూడ చెప్పుచున్నది. అధికారమున్నవారు దానిని తమ సంతకముతో ఉపయోగింపవలెను. మన సంతకముతో కాదు. అదే నియమము ప్రకారము, మనము కోరిన సెలవు రకమును మన వ్రాతపూర్వకమైన కోరిక లేనిదే మార్చుటకు గూడ అధికారికి వీలులేదు. అనగా నియమము వ్రాసినవారు ఉద్యోగి సంతకమునకు ఎంత విలువ నిచ్చిరో చూడుడు. దానిని మనము ఫోనులో ఒక మంచిమాటకు ధారపోయుచున్నాము!

సెలవు మధ్యలో పిలిపించినప్పుడు నష్టము ఇంకను స్పష్టము. 23వ నియమము ప్రకారము గడువుకు ముందు డ్యూటీకి వెనుకకు పిలుచుట అన్ని సందర్భములందును నిర్బంధ పిలుపే. దేశములోనే సెలవులో ఉన్నవాడు పిలుపుపై బయలుదేరిన తేది నుండి డ్యూటీలో ఉన్నట్లు లెక్క. ప్రయాణమునకు నియమముల మేరకు భత్యము కలదు. అదే ఉద్యోగి "నా ఇష్టముతో సెలవును కుదించుకొనుచున్నాను" అని వ్రాసినచో ఈ రెండును పోవును. తిరుపతి నుండి శ్రీకాకుళమునకు వచ్చిన ప్రయాణము ఆయన సొంత ఖర్చు, ప్రయాణపు దినము ఆయన సొంత సెలవు అగును. పిలిచినది ఆఫీసు, చెల్లించినది ఉద్యోగి.

గుర్తించుట ఎట్లని కొందరు అడుగుచున్నారు. ఎవరికి వారు ఈ ప్రశ్న వేసికొనుడు: ఆ ఫోను రాకపోయినచో నేను సెలవును వదలుకొనెడివాడనా? అవునన్నచో అది ఉపసంహరణ, పైన చూపినట్లు వ్రాయుడు. కాదన్నచో అది నిరాకరణయో, రద్దో, పిలుపో అగును గాని ఉపసంహరణ కానేరదు. వ్రాతపూర్వక ఉత్తర్వును వినయముగా అడుగుడు. ఉత్తర్వు రాకున్నను పనికి ఆటంకము కలుగరాదని తోచినచో రండు, కాని బయలుదేరుటకు ముందు ఇట్లు పంపుడు: "ఫలాని తేది ఫలాని గంటకు తాము ఫోనులో ఆజ్ఞాపించినట్లు సెలవు గడువుకు ముందే డ్యూటీకి బయలుదేరుచున్నాను." దీనిలో కలహమునకు చోటులేదు. జరిగినది జరిగినట్లున్నది. అధికారి ఆ మాట తాననలేదన్నచో ఆయన వ్రాసి తెలుపవలెను.

మేము ఇంత పట్టుపట్టుటకు మరియొక కారణమున్నది. లీవు రిజర్వు పోస్టులు చాలవని, ఉన్నవాటిని భర్తీ చేయవలెనని ప్రతి చర్చలోను మేము అడుగుచున్నాము. "ఎన్ని సెలవులు నిరాకరించినారో చూపండి" అని ఎదుటివారు అడుగుదురు. రిజిస్టరు తెరచి చూచినచో నిరాకరణలు వ్రేళ్ళమీద లెక్కింపదగినన్ని. మిగిలినవన్నియు "ఉద్యోగి కోరికపై వెనుకకు తీసికొనబడినది" అని ఉండును! మన చేతివ్రాతతోనే మన వాదమును చెరిపివేసికొన్నాము. ఆ రిజిస్టరును ఎదుట పెట్టుకొని వాదించుట ఎంత అవమానకరమో కూర్చున్నవారికే తెలియును.

మనవారిలో మరియొక అలవాటును గూడ దాచక చెప్పవలెను. పది దినములు కావలసినవాడు పదునైదు అడుగుచున్నాడు. ఎటులైనను ఐదు కోసివేయుదురు గదా యని. కోయనప్పుడు చివర ఐదును "కుదించుకొని" మంచిపేరు తెచ్చుకొనుచున్నాడు. ఈ అలవాటును నేర్పినది కోతలు వేసిన ఆఫీసులే, సందేహము లేదు. అయినను ఆ ఐదు దినములు కాగితము మీద కట్టుబడి ఉన్నంతకాలము వేరొకరికి "రిలీవరు లేడు" అను సమాధానమే వచ్చుచుండును. ఇది ఆ సోదరి అడిగిన ప్రశ్నకు మరియొక రూపము.

రైల్వే సోదరులు ఇదంతయు తపాలావారి గొడవయని పుట తిప్పకుందురు గాక. వారి సెలవు నియమములు ఎస్టాబ్లిష్‌మెంట్ కోడులో వేరుగా ఉన్నవి. మంజూరు చేసినవారి ఎరుక లేక తిరిగి రారాదనుట అచటను అదియే. చిక్కు మాత్రము అచట ఇంకను దూరము ప్రాకును. ఒక చిన్న స్టేషనును తీసికొనుడు. ముగ్గురు స్టేషను మాస్టర్లు, ఎనిమిదేసి గంటల రోస్టరు. వారానికొక తూరి ఒక్కొక్కరికి విశ్రాంతి ఇచ్చుటకు రెస్ట్ గివరు వరుసగా స్టేషన్లు తిరుగుచుండును. 2005 నాటి పనిగంటల, విశ్రాంతి నియమముల ప్రకారము 'కంటిన్యువస్' వర్గపువానికి వారములో ఎడతెగని 30 గంటల విశ్రాంతి ఉండవలెను. ఒకరు సెలవుపై పోయినప్పుడు లీవు రిజర్వు మనిషి లేకున్నచో ఈ రెస్ట్ గివరునే తెచ్చి ఆ కుర్చీలో వేయుదురు. అప్పుడు ఆయన తిరుగవలసిన మిగిలిన స్టేషన్లలో విశ్రాంతులు చెదరును. ఆరు గంటల డ్యూటీలు కావు గదా, పండ్రెండేసి గంటలు చేయువారు తయారగుదురు.

కావున ఆ సెలవుపై పోయినవాడు మూడు దినములు ముందు తిరిగి రాదలచినచో, ఆ మూడు దినములు ఆయన సొంత ఖాతాకు మాత్రమే చేరునవి కావు. ఎవరో ముగ్గురి విశ్రాంతులు దానిలో ఉన్నవి. రెండు దినములు ముందుగా కంట్రోలుకును, మంజూరు చేసినవారికిని తెలిసినచో రెస్ట్ గివరు తన వరుసకు మరలిపోవును. ఉదయము డ్యూటీ మార్పిడి వేళకు ప్లాట్‌ఫారము మీద ప్రత్యక్షమైనచో ఎవరి విశ్రాంతియు తిరిగి రాదు. పైగా రాత్రి బండిలో ప్రయాణము చేసి వచ్చిన రెస్ట్ గివరు, డ్యూటీ లేక, మరలి పోవుటకు బండి లేక, విశ్రాంతి గదిలో కూర్చుండవలసి వచ్చును. రన్నింగు సోదరుల విషయములోను అంతే. లాబీలో పేరు సెలవులో ఉన్నంతకాలము ఆ పేరుమీద బండి పిలుపు రాదు. వచ్చితిని అని లాబీ గుమ్మము వద్ద నిలిచి చెప్పిన నోటిమాట ఆ రాత్రి లింకును మార్చజాలదు. వ్రాతలోను, వ్యవస్థలోను పేరు తిరిగి ఎక్కవలెను.

ఇక బ్రాంచి కార్యదర్శులతో ఒకమాట. సభ్యుడు ఫోను చేసి "సెలవు అక్కరలేదు" అన్నప్పుడు "అలాగే చూద్దాం" అనుట మానవలెను. "ఎవరికి వ్రాసినావు? రిలీవరుకు చెప్పినావా?" అని అడుగవలెను. నిరాకరింపబడిన దరఖాస్తుల వరుసను బ్రాంచిలో ఒక పుస్తకములో వ్రాసికొనుడు. ఎవరైనను దినములు వదలినచో ఆ వరుసలో మొదటివారికి అదే సాయంత్రము కబురు పంపి, వారిచేత మరల దరఖాస్తు పెట్టించుడు. వదలిన దినములను ఎవరికీయవలెనో నిర్ణయించు అధికారము మనది కాదు. అడుగువారు సిద్ధముగా ఉన్నారని చూపుట మాత్రము మన పని. కొందరు సూపర్‌వైజర్లు ఆ దినములను తమకు నచ్చినవారికి చేతిలో పెట్టుచున్నారను ఫిర్యాదులు మాకు అందినవి. వరుస గోడమీద ఉన్నచోట అట్టి పని కష్టమగును.

పైన చెప్పిన సబ్ పోస్టుమాస్టరు గారి కుమార్తె వివాహము రెండు నెలల తరువాత జరిగినది. మొదట కోరినన్ని దినములు ఆయన ఖాతాలో మిగులలేదు. పది దినములే అడిగినారు. ఆ సోదరి తల్లికి ఆపరేషను వేరొక తేదిన అయినది. ఆ వారమున ఆమె ఆఫీసుకు అదే చిన్నవాడు రిలీవరుగా వెళ్ళినాడు. నమూనా ఉత్తరము ప్రతులను బ్రాంచి కార్యదర్శులకు విడిగా పంపుచున్నాము. మెమో నెంబర్ల చోటు ఖాళీగా వదలియున్నాము. రెండు మెమోలున్నచో రెండును పూరింపవలసినది.